తొంభై డాలర్ల విన్నపం

అర్జీ వ్రాయడం మనవాళ్ళకు కొత్త విద్య కాదు. తాలూకా కచేరీ అరుగు మీద కలమూ సిరాబుడ్డీ పెట్టుకొని కూర్చొని, వచ్చినవాడి కష్టాన్ని రెండు ఠావుల కాగితం మీద కరుణరసంగా మార్చిపెట్టే అర్జీ గుమాస్తాలను గురించి మా తాతగారు కథలుగా చెప్పేవారు. మొదట అధికారి గారి దయాదాక్షిణ్యాలను పొగడాలి. తరువాత తన దీనస్థితిని వర్ణించాలి. పిల్లల సంఖ్య చెప్పాలి, వర్షాలు లేవని చెప్పాలి. చిట్టచివరికి, చదివేవారి కంట తడి వచ్చిందని నమ్మకం కుదిరాక, అసలు కావలసినదేమిటో ఒక్క వాక్యంలో అడగాలి. కచేరీలు మారాయి, కాగితం పోయి ఈమెయిలు వచ్చింది. కాని అర్జీ నడక మాత్రం మన పిల్లల చేతివ్రేళ్ళలో అలాగే ఉండిపోయింది. తెలుగు పాఠం చెప్పుకొనేవాడిని గనుక ఈ నడకను చూస్తే నాకు ముచ్చటే. అయితే అదే నడకతో అమెరికాలోని ఒక యూనివర్సిటీ డిపార్టుమెంటుకు ఉత్తరం వ్రాస్తే ఏమవుతుందన్నదే యీ వ్యాసం సంగతి.

అమెరికాలో పై చదువుకు దరఖాస్తు పెట్టుకోవాలంటే ప్రతి యూనివర్సిటీకి వేరువేరుగా ఫీజు కట్టాలి. అది సాధారణంగా అరవై డాలర్ల నుంచి నూరు డాలర్ల దాకా ఉంటుంది. స్టాన్‌ఫర్డులో యీమధ్య కాలమంతా 125 డాలర్లు. కొన్నిచోట్ల ఆ దేశస్థులకు ఒక ధర, పరదేశస్థులకు ఇంకొక ధర. ఇల్లినాయ్ యూనివర్సిటీ తమవారి దగ్గర 70, బయటివారి దగ్గర 90 పుచ్చుకొంటూ వచ్చింది. సీటు వచ్చినా రాకపోయినా ఈ సొమ్ము తిరిగి రాదు. ఒక్కచోటే ప్రయత్నిస్తే దొరుకుతుందన్న నమ్మకం లేదు కనుక, పీహెచ్.డి. కోరేవారు సామాన్యంగా ఎనిమిది, పది చోట్లకు పంపుతారు.

మా కళాశాలలో బి.ఎస్.సి. చదివి, ఆ తరువాత యూనివర్సిటీలో రసాయనశాస్త్రం ఎం.ఎస్.సి. ముగించిన ఒక అమ్మాయి ఎంచుకొన్నవి ఎనిమిది. ఫీజులన్నీ కూడితే 640 డాలర్లు. 2025 నవంబరులో డాలరుకు దాదాపు 89 రూపాయలు. అంటే 57 వేలకు కొంచెం తక్కువ. వాళ్ళది నిజామాబాదు వైపు. తల్లి బీడీలు చుడుతుంది, తండ్రి కిరాయి ఆటో నడుపుతాడు. తహసీల్దారు గారిచ్చిన ఆదాయ ధ్రువపత్రంలో సంవత్సరాదాయం 96 వేలు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తక్కిన కథ పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

ఆ అమ్మాయి ఫీజు మాఫీ కోరుతూ ఒక ఈమెయిలు వ్రాసి, పంపేముందు నాకు చూపించింది. ఇంగ్లీషు లెక్చరరు ఉండగా నా దగ్గరకెందుకని అడిగితే, ‘‘వ్యాకరణం ఆ మేడం చూశారు సార్. బాధ సరిగ్గా ఉందో లేదో మీరు చూడండి’’ అన్నది. చూశాను. మొదటి వాక్యం ‘‘రెస్పెక్టెడ్ సర్’’తో మొదలయి, వినయపూర్వకంగా మనవి చేసుకొంటూ, వారి మహా సంస్థ కీర్తిని ఎనిమిది పంక్తుల్లో పొగిడింది. తల్లి చేతివేళ్ళ నొప్పి, తండ్రి ఆటో ఫైనాన్సు బాకీ, తమ్ముడి చదువు, ఇంటి అద్దె తరువాత వచ్చాయి. ఫీజు అన్న మాట మూడవ పేరాగ్రాఫు చివర ఉన్నది. ఏ చదువుకు దరఖాస్తు పెట్టిందో, ఆ దరఖాస్తు నంబరేమిటో ఎక్కడా లేదు. నేను మాట్లాడకుండా ఉండేసరికి, ‘‘ఇంకా బాధగా రాయాల్నా సార్?’’ అని అడిగింది.

బాధ ఎక్కువా తక్కువా అన్నది కాదు చిక్కు. ఆ ఉత్తరం ఎవరి బల్ల మీద పడుతుందో, అతను దానితో ఏంచేస్తాడో తెలియకపోవడం చిక్కు.

అక్కడ ప్రతి డిపార్టుమెంటులోనూ పై చదువుల ప్రవేశాల పని చూసే ఉద్యోగి ఒకరుంటారు. ప్రోగ్రాం కోఆర్డినేటర్ అని పేరు. ప్రొఫెసరు కాదు, ఆఫీసు మనిషి, తరచు ఆడమనిషి. సీటు ఇచ్చే అధికారం ఆమెకు లేదు. దరఖాస్తులు సరిగా చేరాయో లేదో చూడడం, సిఫారసు ఉత్తరాలు రానివారిని హెచ్చరించడం, వందల ఈమెయిళ్ళకు జవాబివ్వడం ఆమె పని. నా పాత శిష్యురాలొకామె అటువంటి ఆఫీసులో రెండేళ్ళు పనిచేసింది. ఆమె చెప్పిన మాట యిది: ‘‘మాస్టారూ, ఆ ఉత్తరం చదివి నేను నిర్ణయించేది ఏమీ ఉండేది కాదు. మూడు సంగతులు వెతికేదాన్ని. ఈ మనిషి ఎవరు, దరఖాస్తు ఏది, మా నియమాల్లో ఏ నియమం కిందికి వస్తుంది. మూడూ దొరికితే రెండు నిమిషాల్లో పని అయిపోయేది. దొరక్కపోతే తరువాత చూద్దామని పక్కన పెట్టేదాన్ని. నవంబరులో పక్కన పెట్టిన ఉత్తరం మళ్ళీ చేతికి వస్తుందన్న నమ్మకం లేదు.’’

అందుచేత ఉత్తరం వ్రాయడానికి ముందు ఆ నియమం ఏదో తెలుసుకోవాలి. ఫీజు వసూలు చేసేది చాలాచోట్ల డిపార్టుమెంటు కాదు, యూనివర్సిటీకంతటికీ ఒక్కటిగా ఉండే గ్రాడ్యుయేట్ స్కూలు. సొమ్ము వెళ్ళేది కూడా అక్కడికే. కనుక డిపార్టుమెంటు మాఫీ చేస్తానంటే అర్థం, ఆ ఫీజును తన నిధుల్లోంచి తాను భరిస్తుందనో, లేక గ్రాడ్యుయేట్ స్కూలు తన వాటాకు ఇచ్చిన కొద్ది మాఫీలలో ఒకటి ఖర్చు పెడుతుందనో. ఆ సంఖ్య పరిమితం. ముందు అడిగినవారికి దొరికి, ఆలస్యంగా అడిగినవారికి అయిపోవడం అందుకే.

మాఫీ ఎవరికి వర్తిస్తుందన్నది ప్రతి యూనివర్సిటీ తన పేజీలో వ్రాసి పెడుతుంది. ఆ పేజీ చదవడానికి మనవాళ్ళు బద్ధకిస్తారు. కొన్నిచోట్ల ఆ దేశ పౌరులకూ, అక్కడ శాశ్వత నివాసం ఉన్నవారికీ మాత్రమే అని స్పష్టంగా ఉంటుంది. కొన్నిచోట్ల మాజీ సైనికులకు, కొన్నిచోట్ల మక్నేర్ స్కాలర్లకు అని ఉంటుంది. ఈ మక్నేర్ ఎవరని మా అమ్మాయి అడిగింది. 1986లో ఛాలెంజర్ వ్యోమనౌక పేలిపోయినప్పుడు మరణించిన భౌతికశాస్త్రజ్ఞుడు రోనాల్డ్ మక్నేర్. పేదకుటుంబాల నుంచి, చదువుకు దూరంగా ఉండిపోయిన వర్గాల నుంచి వచ్చిన పిల్లలు పీహెచ్.డి. దాకా వెళ్ళడానికి అక్కడి కేంద్రప్రభుత్వం నడిపే పథకానికి ఆయన పేరు పెట్టారు. మన పిల్లలు ఎంత పేదవారైనా ఆ పథకంలో ఉన్నవారు కారు. మరికొన్నిచోట్ల ఐక్యరాజ్యసమితి జాబితాలోని అత్యంత వెనుకబడిన దేశాలవారికి మాఫీ అంటారు. ఆ జాబితాలో భారతదేశం లేదు. ‘‘మాదీ బీదదేశమే గదా’’ అని వాదిస్తూ ఉత్తరం వ్రాసినందువల్ల జాబితా మారదు.

తక్కిన చోట్లే మనకు దారి. ఆర్థికంగా ఇబ్బందిలో ఉన్నవారెవరైనా కోరవచ్చుననే యూనివర్సిటీలున్నాయి. అటువంటి చోట చాలాసార్లు దరఖాస్తు లోపలే ఒక గడి ఉంటుంది. అందులో నాలుగు వాక్యాలు వ్రాయమంటారు, ఒక కాగితం జతచేయమంటారు. గడి ఉండగా ఈమెయిలు పంపితే ‘‘గడి నింపండి’’ అన్న జవాబే వస్తుంది, మూడురోజులు వృథా. ఆన్‌లైనులో జరిపే పరిచయ సమావేశానికి వచ్చినవారికి మాఫీ ఇచ్చే డిపార్టుమెంట్లు కూడా కొన్ని ఉన్నాయి. అక్కడ కష్టసుఖాలు చెప్పుకోనక్కరే లేదు, ఆ గంటసేపు కూర్చుంటే చాలు. ఇక నియమం డిపార్టుమెంటును అడగమన్న చోట, లేక పేజీలో ఏమీ చెప్పని చోట, ఈమెయిలు వ్రాయడం న్యాయం.

మా అమ్మాయి ఎనిమిదింటినీ ఇలా వేరుచేస్తే లెక్క తేలింది. రెండింటిలో పరదేశస్థులకు మాఫీ లేదు. మూడింటిలో దరఖాస్తులోనే గడి ఉన్నది. మిగిలిన మూడింటికే ఉత్తరం. ఎనిమిది ఉత్తరాలు పంపుదామనుకొన్న మనిషికి పని మూడుకు దిగింది.

ఇక కష్టాన్ని ఎలా చెప్పాలన్నది. మన ఆదాయాన్ని డాలర్లలోకి మార్చి చెప్పడం మామూలు. 96 వేలంటే ఏడాదికి సుమారు 1,080 డాలర్లు. చదివే మనిషికి ఆ అంకె అర్థం కాదు. అక్కడ అది ఒక గది అద్దె. ఏడాదంతా ఒక కుటుంబం దానితో ఎలా బ్రతుకుతుందో ఊహకందదు, ఏదో పొరపాటు పడిందనుకొంటుంది. తెల్ల రేషను కార్డు ఉన్నదని వ్రాస్తే, ఆ కార్డు రంగుకు అర్థమేమిటో ఆమెకెలా తెలుస్తుంది? అలాగని బీడీల గంప గురించీ, వేళ్ళ నొప్పి గురించీ వ్రాస్తే మనసు కరుగుతుందేమో గాని, నియమం కింద రాసుకోవడానికి ఏమీ దొరకదు. నేను చెప్పినది ఒక్కటే. అక్కడి ఫీజు 90 డాలర్లు, అంటే మనకు 8,010 రూపాయలు. ఇంటి నెలసరి ఆదాయం 8,000. ‘‘ఈ ఒక్క ఫీజు మా ఇంటిల్లిపాది ఒక నెల సంపాదనతో సమానం’’ అని వ్రాయమన్నాను. ఏ దేశంవారికైనా అర్థమయ్యే కొలత అది. దాని పక్కనే, తమ ఇంట్లో కళాశాల గడప తొక్కిన మొదటి మనిషి తానేనని. తండ్రి ఏడవ తరగతి, తల్లి బడికే వెళ్ళలేదు. ‘మొదటి తరం విద్యార్థి’ అన్న మాటకు అక్కడి యూనివర్సిటీలలో స్థిరమైన అర్థం ఉన్నది. ఫారాల్లో దానికొక గడి కూడా ఉంటుంది. మన ప్రభుత్వం ఫీజు రీయింబర్సుమెంటుతో చదివానని చెప్పడం మూడవది. ఆ మాటను విడిచి, ‘కుటుంబ ఆదాయాన్ని బట్టి ప్రభుత్వమే నా కళాశాల ఫీజు కట్టింది’ అని విప్పి చెబితేనే వారికి తెలుస్తుంది.

ఆ మూడు చాలు. నాలుగవది చేర్చితే మొదటి మూడూ పలచబడతాయి. కవిత్వంలోనూ యిదే చూస్తుంటాను గాని, అది వేరే వ్యాసం.

మీసేవలో తీసుకొన్న ఆదాయ ధ్రువపత్రం సిద్ధంగా ఉంచుకోవాలి, కాని మొదటి ఉత్తరానికే జతచేయనక్కరలేదు. ‘కోరితే పంపగలను’ అంటే సరిపోతుంది. కొందరు పిల్లలు నమ్మకం కోసం ఆధార్ కార్డూ, బ్యాంకు పాసుపుస్తకం పేజీలూ, రేషను కార్డూ అన్నీ కలిపి పంపుతారు. ముక్కూ ముఖం తెలియని ఆఫీసుకు ఆ నంబర్లు ఎందుకు? ఆ పత్రంలో లేని బీదతనాన్ని కల్పించడం మాత్రం మహా ప్రమాదం. దరఖాస్తులో చెప్పినది అబద్ధమని తేలితే, ఇచ్చిన సీటును కూడా వెనక్కు తీసుకొనే హక్కు తమకున్నదని ఆ యూనివర్సిటీలు దరఖాస్తు చివరనే సంతకం పెట్టించుకొంటాయి.

పేరు సంగతి కొంచెం నిదానించి చెప్పాలి, ఎందుకంటే తెలుగువారి ఉత్తరాలు ఎక్కువగా తప్పిపోయేది ఇక్కడే. మన ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తరువాత. పాసుపోర్టులో ఇంటిపేరుకు వేరే గడి. కొందరికి ఆ గడి ఖాళీ, కొందరికి రెండు పేర్లూ ఒకే గడిలో. దరఖాస్తు పాసుపోర్టు ప్రకారం పెడతారు. ఈమెయిలు ఖాతా మాత్రం ఇంటర్‌లో ఉండగా స్నేహితురాలు తెరిచి ఇచ్చినది. అందులో ముద్దుపేరు, ఒక సినిమా హీరో పేరు, పుట్టినరోజు కలిసి ఉంటాయి. ఉత్తరం చివర సంతకం ఇంకో రకం, ఇంటిపేరు ఒక్క అక్షరంగా. కోఆర్డినేటర్ ఆ పేరును తన జాబితాలో వెతికితే దొరకదు. ఆమె దృష్టిలో అటువంటి మనిషి దరఖాస్తే పెట్టలేదు. కనుక దరఖాస్తుకు ఏ ఈమెయిలు ఇచ్చామో ఆ ఈమెయిలు నుంచే వ్రాయాలి, దరఖాస్తులో ఉన్నట్టే పేరు వ్రాయాలి, దరఖాస్తు మొదలుపెట్టగానే వచ్చే నంబరు ఇవ్వాలి. ఈ నంబరు ఉండాలంటే ముందుగా దరఖాస్తు తెరిచి, సగమైనా నింపి ఉండాలని వేరే చెప్పాలా?

మేము కూర్చొని తిరగవ్రాసిన ఉత్తరం ఇంగ్లీషులోనే ఉన్నది. తెలుగులో చెబితే ఇంచుమించు యిలా ఉంటుంది. విషయం అన్నచోట: ‘అప్లికేషను ఫీజు మాఫీకి అభ్యర్థన, రసాయనశాస్త్రం పీహెచ్.డి., 2026 ఆగస్టు ప్రవేశం’. దాని వెంబడే దరఖాస్తు నంబరు. తరువాత కోఆర్డినేటరు పేరుతో సంబోధన. ఆ పేరు డిపార్టుమెంటు పేజీలోనే ఉంటుంది, ‘సర్’ అనవలసిన పని లేదు. ఆపైన:

‘‘మీ డిపార్టుమెంటులో పీహెచ్.డి. ప్రవేశానికి దరఖాస్తు చేస్తున్నాను. 90 డాలర్ల ఫీజు మాఫీ చేయగలరేమో తెలుసుకోవడానికి వ్రాస్తున్నాను. మీ పేజీలో ఆర్థిక ఇబ్బంది ఉన్నవారు డిపార్టుమెంటును అడగవచ్చునని చదివాను.

మా కుటుంబ సంవత్సరాదాయం 96,000 రూపాయలు. ఈ ఫీజు మా ఇంటివారందరి ఒక నెల సంపాదనతో సమానం. మా ఇంట్లో కళాశాలలో చదివిన మొదటి వ్యక్తిని నేను. కుటుంబ ఆదాయాన్ని బట్టి ప్రభుత్వమే నా కళాశాల ఫీజు కట్టింది. ప్రభుత్వం ఇచ్చిన ఆదాయపత్రం నా దగ్గర ఉన్నది, కోరితే పంపుతాను.

దరఖాస్తులో ఫీజు తప్ప తక్కినదంతా పూర్తయింది. ఇది మీ చేతిలోని విషయం కాకపోతే ఎవరికి వ్రాయాలో చెప్పగలరా?’’

కింద పేరు, దరఖాస్తు నంబరు, చదివిన యూనివర్సిటీ పేరు. అంతే. ఆ చివరి ప్రశ్న చిన్నదే గాని చాలా పని చేస్తుంది. ‘కాదు’ అని చెప్పి ఊరుకోవలసిన మనిషి చేత, ‘ఫలానావారిని అడగండి’ అనిపిస్తుంది.

ఉత్తరం చూసి మా అమ్మాయి మొహం చిన్నబోయింది. ‘‘ఇందులో గౌరవం లేదు సార్’’ అన్నది. మన అర్జీలో పొగడ్త గౌరవం. అక్కడ ఎదుటి మనిషి సమయాన్ని తక్కువగా తీసుకోవడం గౌరవం. రెండూ మర్యాదలే, దేశాలు వేరు. ఆమె పూర్తిగా ఒప్పుకోలేదు. చివర ఒక ధన్యవాదం చేర్చుకొని తృప్తిపడింది. నేను అడ్డుచెప్పలేదు.

ఇక్కడ ఇంకొక తరగతి పిల్లల సంగతి ఒక మాట చెప్పాలి. రసాయనశాస్త్రం వంటి విషయాల్లో పీహెచ్.డి.కి తీసుకొన్నవారికి సామాన్యంగా డిపార్టుమెంటే ట్యూషను భరించి, జీతంలాంటి భత్యం ఇస్తుంది. కనుక ఫీజు కట్టలేనివారు అక్కడ చదవగలరా అన్న అనుమానం ఎవరికీ రాదు. సొంత ఖర్చుతో చేసే ఎం.ఎస్. అలా కాదు. సీటు వచ్చాక వీసాకు కావలసిన ఐ-20 కాగితం ఇవ్వాలంటే మొదటి ఏడాది ఖర్చంతా, అంటే లక్షల రూపాయలు, తమ దగ్గర ఉన్నదనో, అప్పుగా మంజూరైనదనో చూపాలి. 90 డాలర్లు లేవన్న మనిషి ఆరునెలలు తిరగకుండా అంత సొమ్ము ఎలా చూపుతాడని అడిగితే జవాబుండాలి. జవాబు లేకపోలేదు. చదువు అప్పు బ్యాంకు ఇచ్చేది సీటు వచ్చాక, సీటుకు ముందు పెట్టే ఖర్చుకు ఎవరూ అప్పివ్వరు. అది నిజం. నిజం గనుక ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. అయితే అటువంటి కోర్సులలో మాఫీ దొరకడం బహు తక్కువని తెలిసే అడగాలి.

ఇక కాలం. మాఫీ ఎప్పుడూ ఫీజు కట్టకముందే అడగాలి. కట్టాక అడిగితే, కట్టగలిగినవాడివే గదా అన్నట్టు చూస్తారు; పైగా సొమ్ము తిరిగి ఇవ్వరు. చాలా డిపార్టుమెంట్ల గడువు డిసెంబరు 1, లేక 15. గడువుకు ముందువారం ఆఫీసులో ఊపిరి సలపదు. అందులో నవంబరు నాలుగవ గురువారం వారికి థ్యాంక్స్‌గివింగ్ పండుగ. గురు, శుక్రవారాలు ఆఫీసులు మూత, బుధవారం నుంచే సగం ఖాళీ. 2025లో అది 27వ తేదీన వచ్చింది. ఆ తరువాత శని, ఆదివారాలు. సోమవారమే డిసెంబరు 1. ఆ వారం వ్రాసినవారికి ఎవరు జవాబిస్తారు? మేము నవంబరు 4న పంపించాము. గడువు చివరి నిమిషం కూడా మన గడియారం ప్రకారం చూసుకోవాలి. అమెరికా తూర్పుతీరపు డిసెంబరు 1 రాత్రి 11 గంటల 59 నిమిషాలంటే మనకు 2వ తేదీ ఉదయం 10 గంటల 29 నిమిషాలు. మన అర్ధరాత్రి కాదు.

మూడు ఉత్తరాలకు మూడు రకాల జవాబులు వచ్చాయి. ఒకచోటి నుంచి నవంబరు 6ననే ఒక రహస్య సంకేతాక్షరాల వరుస వచ్చింది. సొమ్ము కట్టే పేజీలో దాన్ని టైపు చేయాలి. ఇక్కడ జాగ్రత్త వహించాలి. కార్డు నంబరు ఇచ్చి ముందుకు వెళ్ళాక ఆ అక్షరాలకు పని లేదు. వాటిని టైపు చేసి, కట్టవలసినది సున్నా అని కనిపించాకనే చివరి మీట నొక్కాలి. రెండవచోటి నుంచి 10వ తేదీన మర్యాదగా కాదన్నారు. ఫీజు గ్రాడ్యుయేట్ స్కూలుది, తమకు అధికారం లేదు, ఫలానా చిరునామాకు వ్రాయమన్నారు. వ్రాస్తే, పరదేశస్థులకు లేదని వారు చెప్పారు. మూడవచోటి నుంచి ఏమీ రాలేదు. ఒక వారం ఆగి, 12వ తేదీన పాత ఉత్తరం కిందనే రెండు పంక్తుల జ్ఞాపిక వ్రాయించాను. కొత్త ఉత్తరంగా వ్రాస్తే మొదటిది, ఇది కలవవు. దానికీ జవాబు లేదు. 17న ఆ అమ్మాయి యథాలాపంగా దరఖాస్తు తెరిచి చూస్తే, ఫీజు ఉండవలసినచోట సున్నా ఉన్నది. కోఆర్డినేటర్ పని చేసిపెట్టి, ఉత్తరం వ్రాయడం మరిచిపోయినట్టున్నది. అందుకే జవాబు కోసం ఈమెయిలు ఒక్కటే చూస్తూ కూర్చోకూడదు. స్పాం అన్న చెత్తబుట్టలోనూ, దరఖాస్తు పేజీలోనూ వెతకాలి.

దరఖాస్తులోనే గడి ఉన్న మూడింటిలో రెండు మాఫీ అయ్యాయి, ఒకటి కాలేదు, కారణం చెప్పలేదు. మొత్తం నాలుగు దొరికాయి, నాలుగు మిగిలాయి. ఆ నాలుగింటిలో ఏవి వదలాలన్న దగ్గర తండ్రీకూతుళ్ళకు వాదం వచ్చింది. తక్కువ ఫీజువి ఉంచుకోమని తండ్రి. ఆమె ఆ నాలుగు డిపార్టుమెంట్లలో తనకు కావలసిన పరిశోధన చేసే ప్రొఫెసర్లు ఎందరున్నారో కాగితం మీద వ్రాసింది. ఒకచోట ఒక్కరే, ఆయన కొత్త విద్యార్థులను తీసుకోవడం లేదని ఆయన పేజీలోనే ఉన్నది. ఇంకొకచోట ఇద్దరు, కాని ఇద్దరి పనీ ఆమె ఎం.ఎస్.సి. పనికి దూరం. ఆ రెండింటినీ కొట్టివేసింది. మిగిలిన రెండింటి ఫీజులు 75, 90. మొత్తం 165 డాలర్లు, మన డబ్బులో పద్నాలుగు వేల ఏడువందలకు దగ్గర. విదేశీ చెల్లింపు మీద బ్యాంకు వేసే రుసుము వేరు.

వాళ్ళింట్లో ఉన్న బ్యాంకు కార్డుకు విదేశాల చెల్లింపు తెరిచి లేదు. తండ్రి ఒక పూట ఆటో ఆపి, బ్యాంకుకు పోయి ఆ సదుపాయం తెరిపించాడు. సొమ్ము మాత్రం తల్లిది. బీడీ కార్ఖానా స్నేహితురాళ్ళతో కలిసి వేసుకొన్న చీటీని ఆమె ఆ నెల పాడుకొన్నది. నవంబరు 21న, గడువుకు పదిరోజుల ముందే, ఆరు దరఖాస్తులూ వెళ్ళాయి.